కోచింగ్ మార్కులు ఏ దారిలో వచ్చాయి? మీడియేషన్ లెక్కల మీద అపోహలు - వాస్తవాలు

బెంగళూరులో విద్యా ట్రస్టులు నడిపే ప్రోగ్రాంల లెక్కలు చూడడం నా పని. కె.ఆర్.పురం, మారతహళ్లి వైపు పదో తరగతి పిల్లలకు సాయంత్రం కోచింగ్ పెట్టేవాళ్లు మొదట "మార్కులు పెరిగాయా?" అని అడుగుతారు. దానికి జవాబు దొరకగానే రెండో ప్రశ్న వస్తుంది: పెరిగింది క్లాసులో చెప్పిన పాఠం వల్లా, లేక కోచింగ్‌కి రావడం మొదలయ్యాక ఇంట్లో కూడా పుస్తకం తీస్తున్నందువల్లా? మొదటి దారి ప్రత్యక్ష ప్రభావం. ఇంటి చదువు మీదుగా వెళ్లే రెండో దారి పరోక్ష ప్రభావం. ఆ మధ్యలో ఉన్న ఇంటి చదువు గంటలే మీడియేటర్, ఈ దారుల్ని విడదీసి చూడడమే మీడియేషన్.

ఈ రెంటినీ విడదీయడానికి వరుసగా మూడు రిగ్రెషన్లు, అంటే ఒకటి మారితే ఇంకోటి సగటున ఎంత మారుతుందో చూసే లెక్కలు, వేస్తారు. 1986లో బారన్, కెన్నీ రాసిన వ్యాసంతో ఈ పద్ధతి బాగా వాడుకలోకి వచ్చింది. వివరించడానికి నేను వేసుకున్న అంకెలతో చూద్దాం. 400 మంది పిల్లలు, లాటరీ తీసి సగం మందికి కోచింగ్ ఇచ్చారు. చివర్లో 100 మార్కులకు గణితం పరీక్ష.

మొదటి రిగ్రెషన్‌లో మార్కులను కోచింగ్ మీద వేస్తే 8 వచ్చింది. ఇది మొత్తం ప్రభావం, c. రెండోదాంట్లో ఇంటి చదువు గంటలను కోచింగ్ మీద వేస్తే 2.5 వచ్చింది, అంటే కోచింగ్ పిల్లలు వారానికి రెండున్నర గంటలు ఎక్కువ చదువుతున్నారు. ఇది a. మూడోదాంట్లో మార్కులను కోచింగ్, గంటలు రెండింటి మీదా కలిపి వేస్తే గంటకు 2 మార్కులు (b), కోచింగ్‌కు విడిగా 3 మార్కులు (c′) వచ్చాయి. పరోక్షం 2.5 × 2 = 5, ప్రత్యక్షం 3, మొత్తం 8.

c = c′ + a × b

లెక్క చక్కగా సరిపోయింది. చిక్కు కూడా ఇక్కడే ఉంది. మూడూ ఒకే పిల్లల మీద వేస్తే ఈ సమీకరణం మామూలు లీనియర్ రిగ్రెషన్‌లో ఎప్పుడూ సరిపోతుంది, విడగొట్టిన తీరు తప్పైనా సరే.

అపోహ: లాటరీ తీశాం కాబట్టి మూడు రిగ్రెషన్లనూ నమ్మొచ్చు.

వాస్తవం: లాటరీ కాపాడేది మొదటి రెండింటినే. కోచింగ్ ఎవరికి అన్నది చీటీ తేల్చింది కాబట్టి 8నీ, 2.5నీ కోచింగ్ ప్రభావంగా చదవొచ్చు. కానీ ఇంట్లో ఎన్ని గంటలు చదవాలన్నది ఏ చీటీ తేల్చలేదు. పిల్లలే తేల్చుకున్నారు. ముందునుంచీ గణితం బాగా వచ్చే పిల్లలు ఎక్కువసేపు కూర్చుంటారు, వాళ్లకు మార్కులూ ఎక్కువే వస్తాయి. ఆ పాత తేడా అంతా గంటకు 2 మార్కులు అన్న అంకెలోకి చేరిపోతుంది.

b పెరిగితే పెరిగింది, ప్రత్యక్ష ప్రభావం మీద దెబ్బ ఎలా పడుతుంది? వారానికి 8 గంటలు చదివే ఇద్దరు పిల్లల్ని తీసుకోండి. కోచింగ్ లేని పాప తనంతట తాను 8 గంటలు కూర్చుంటోంది. కోచింగ్ ఉన్న పాపకు అందులో రెండున్నర గంటలు కోచింగ్ పుణ్యమే, అది లేకపోతే ఐదున్నర దగ్గర ఆగేది. గంటలు సమానం చేసి పోల్చామంటే, సొంతంగా ఆసక్తి ఉన్న పాప పక్కన ఓ మాదిరి ఆసక్తి ఉన్న పాపను నిలబెట్టినట్టే. కోచింగ్ పాప మార్కులు తక్కువగా కనిపిస్తాయి, ఆ నింద కోచింగ్ మీద పడుతుంది. లాటరీతో సమానం చేసుకున్న రెండు గుంపుల్ని మూడో రిగ్రెషన్‌లో మనమే మళ్లీ అసమానం చేస్తున్నాం.

ఇది జరుగుతోందో లేదో కొంతవరకు కనిపెట్టొచ్చు. కోచింగ్ మొదలవక ముందటి మార్కులు, అంటే తొమ్మిదో తరగతి వార్షిక పరీక్షవి, మూడు రిగ్రెషన్లలోనూ చేర్చండి. R భాషలో ఇలా:

```
d  <- na.omit(d[, c("marks","coach","hours","prev")])
m1 <- lm(marks ~ coach + prev, data = d)
m2 <- lm(hours ~ coach + prev, data = d)
m3 <- lm(marks ~ coach + hours + prev, data = d)
coef(m2)["coach"] * coef(m3)["hours"]
```

మన ఉదాహరణలో 8, 2.5 దాదాపు కదలలేదనుకుందాం. లాటరీ సరిగ్గా జరిగితే కదలకూడదు కూడా. b మాత్రం 2 నుంచి 1.2కు పడిపోయింది. ఇప్పుడు పరోక్షం 3, ప్రత్యక్షం 5. ఇందాక "ఎక్కువ భాగం ఇంటి చదువే" అన్న నివేదిక ఇప్పుడు "ఎక్కువ భాగం క్లాసే" అంటుంది. పిల్లలు వాళ్లే, మార్కులు అవే. అందుకే నాకు ఎవరైనా మీడియేషన్ ఫలితం చూపిస్తే మొదట అడిగేది పి-వాల్యూ కాదు, పాత మార్కులు చేర్చారా అని.

పాత మార్కులు చేర్చినా ఇంట్లో చదివించేవాళ్లు ఉన్నారా లేదా లాంటివి మిగిలిపోతాయి. వాటికి చేత్తో వేసుకునే లెక్క ఒకటుంది. మనం కొలవని ఆ అండ మార్కులకు ఎంత కలుపుతుంది? ఒక గంట ఎక్కువ చదివే పిల్లల్లో ఆ అండ ఉన్నవాళ్లు ఎంత ఎక్కువ? ఈ రెంటినీ గుణిస్తే b ఎంత ఉబ్బిందో వస్తుంది. అండ 6 మార్కులిచ్చి, గంటకు 10 శాతం ఎక్కువమందికి ఉంటే ఉబ్బు 0.6. అప్పుడు b 0.6కు, పరోక్షం 1.5కు దిగుతాయి. b పూర్తిగా సున్నా కావాలంటే అదే 10 శాతంతో అండ 12 మార్కులు ఇవ్వాలి. అది నమ్మశక్యమేనా అన్నది కంప్యూటర్ చెప్పదు, ఆ పిల్లల టీచర్లను అడగాలి. ఇదే ఆలోచనను పద్ధతిగా చేసే `medsens` అనే ఫంక్షన్ R లోని `mediation` ప్యాకేజీలో ఉంది. దాన్ని రన్ చేయని నివేదికలే నా చేతికి ఎక్కువగా వస్తాయి.

అపోహ: c′ సిగ్నిఫికెంట్ కాకపోతే ప్రభావమంతా మీడియేటర్ ద్వారానే.

వాస్తవం: దీన్ని "పూర్తి మీడియేషన్" అని నివేదికల్లో గొప్పగా రాస్తారు. ఇదే కోచింగ్‌ను 60 మందితో చేశామనుకోండి. ప్రత్యక్ష ప్రభావం అదే 5 వచ్చినా దాని చుట్టూ హద్దులు -1 నుంచి 11 దాకా పరుచుకోవచ్చు. అందులో సున్నా ఉంది కాబట్టి సిగ్నిఫికెంట్ కాదు. కానీ అందులో 8 కూడా ఉంది, 10 కూడా ఉంది. పిల్లలు తక్కువైన కొద్దీ పూర్తి మీడియేషన్ సులువుగా దొరుకుతుంటే అది కోచింగ్ గురించిన విషయం కాదు, శాంపిల్ గురించిన విషయం. ఆ మాట వాడకుండా ప్రత్యక్షం, పరోక్షం రెంటికీ హద్దులు పక్కపక్కన ఇస్తే చాలు.

పరోక్షానికి హద్దులు బూట్‌స్ట్రాప్‌తో తీయడం మేలు. అదే పిల్లల జాబితా నుంచి తీసినవాళ్లను మళ్లీ తీస్తూ 400 మందిని ఎంచడం, a × b కట్టడం, ఇలా 5000 సార్లు చేసి మధ్యలోని 95 శాతాన్ని తీసుకోవడం. రెండు అంచనాల గుణకారం ఒకవైపు సాగుతుంది కాబట్టి, అటూ ఇటూ సమానంగా కొలిచే పాత సోబెల్ పరీక్ష చిన్న శాంపిళ్లలో సరిగ్గా అతకదు. లాటరీ పిల్లలవారీగా కాక బ్యాచ్‌లవారీగా తీసి ఉంటే బూట్‌స్ట్రాప్‌లోనూ బ్యాచ్‌లనే తీయాలి.

అపోహ: మొత్తం ప్రభావం లేకపోతే మీడియేషన్ చూడడం దండగ.

వాస్తవం: మొదటి రిగ్రెషన్‌లో ప్రభావం కనిపించకపోతే అక్కడే ఆగిపోవాలన్నది పాత నియమం. కోచింగ్ రాత్రి ఎనిమిదిన్నర దాకా నడిచి, ఆపై సిల్క్ బోర్డ్ ట్రాఫిక్ దాటుకుని ఇల్లు చేరే పిల్లల్ని ఊహించుకోండి. వాళ్ల ఇంటి చదువు వారానికి 2.5 గంటలు తగ్గిపోతుంది. గంటకు 1.2 చొప్పున పరోక్షం -3. క్లాసు ఇచ్చింది +4. మొత్తం 1 మాత్రమే, "కోచింగ్ దండగ" అని మూసేస్తారు. నిజానికి పాఠం పనిచేస్తోంది, టైమింగ్ చెడగొడుతోంది. అయితే ఇలా ఎదురెదురు గుర్తులు రావడం చూసి సంబరపడే ముందు ఇందాకటి ఉబ్బు లెక్క ఇక్కడా వేసుకోవాలి. b తప్పైతే -3 కూడా తప్పే.

అపోహ: ఇంటి చదువు గంటలు రాసుకునే డైరీ ఇవ్వని పిల్లల్ని మూడో రిగ్రెషన్‌లో మాత్రం వదిలేస్తే చాలు.

వాస్తవం: అలా వదిలేస్తే మూడు లెక్కలూ మూడు వేర్వేరు గుంపుల మీద పడతాయి. c, c′ + a × b సరిపోకపోవడమే దానికి గుర్తు. పై కోడ్ మొదటి లైన్ అందుకే. కానీ కూడిక సరిపోయినంత మాత్రాన సమస్య తీరదు. డైరీ ఇచ్చిన పిల్లలు మిగతావాళ్లలాంటివాళ్లేనా అన్నది పాత మార్కులతో పోల్చి చూడాలి.

గంటలు ఎలా కొలిచామన్నదీ చిన్న విషయం కాదు. పరీక్ష రాశాక "ఏడాదంతా ఎంతసేపు చదివావు?" అని అడిగితే, బాగా రాసినవాళ్లు ఎక్కువ చెబుతారు. అది మీడియేటర్ కాదు, ఫలితానికి నీడ. కోచింగ్ మొదలయ్యాక, పరీక్షకు ముందు, నెలకొకసారైనా అడగాలి. అప్పుడూ ఉజ్జాయింపు జవాబులే వస్తాయి. అలా ఎటుపడితే అటు ఊగే తప్పు b ని తగ్గిస్తుంది, తగ్గినదంతా ప్రత్యక్షం ఖాతాలో పడుతుంది. ఆసక్తి తేడా b ని పెంచుతుంది కదా, రెండూ కొట్టుకుపోతాయిలే అని కొందరంటారు. అవి సమానమని ఎవరు చూశారు?

అపోహ: పరోక్షం 3 మార్కులు అంటే, కోచింగ్ లేకుండా అన్ని గంటలే చదివించినా 3 మార్కులు వస్తాయి.

వాస్తవం: ఒక ట్రస్టు కోఆర్డినేటర్ అడిగిన ప్రశ్న ఇది: "మేడమ్, మరి టీచర్ జీతం మానేసి, పిల్లల్ని ఇంట్లో కూర్చోబెట్టే వాలంటీర్లను పెడితే సగం పని అయిపోదా?"

మూడో రిగ్రెషన్ ఒక గంట చదువు విలువ ఇద్దరికీ ఒకటే అని ఊహిస్తుంది. కోచింగ్‌లో పద్ధతి తెలిసిన పిల్లాడి గంట, లెక్క ఎక్కడ తప్పిందో తెలియక అక్కడే తిరిగే పిల్లాడి గంట ఒకటి కావు. `marks ~ coach * hours + prev` అని వేసి చూడాలి. కోచింగ్ లేనివాళ్లకు గంటకు 0.8, ఉన్నవాళ్లకు 1.6 వచ్చిందనుకుందాం. అదే రెండున్నర గంటలకు కోచింగ్ లేనప్పుడు 2 మార్కులు, ఉన్నప్పుడు 4. మొదటి తీరులో విడగొడితే ప్రత్యక్షం 6, రెండో తీరులో 4. రెండింటిలోనూ మొత్తం 8. కోఆర్డినేటర్‌కు కావలసిన అంకె 2, నివేదికలో ఆయనకు కనిపించింది 3. అలాంటిచోట రెండు విడగొట్టుళ్లూ పట్టికలో పెట్టి, వాలంటీర్ల ప్లాన్‌కు ఏ వరుస చూడాలో పక్కన రాసి ఇస్తాను.