కోప్పడింది ఎవరు?

ముందు ఈ ఐదు వాక్యాలు చదవండి.

"రాము సాయంత్రం మాస్టారింటికి వెళ్ళాడు. కోప్పడ్డారు. తల దించుకుని నిలబడ్డాడు. ఫీజు ఇంకా కట్టలేదట. కాసేపటికి కాఫీ తెచ్చిచ్చింది."

మొదటి వాక్యంలో ఇద్దరు మనుషులున్నారు. తర్వాతి నాలుగు వాక్యాల్లో పేరు లేదు, "అతను", "ఆయన" లాంటి సర్వనామం కూడా లేదు. అయినా కోప్పడింది మాస్టారని, తల దించుకున్నది రాము అని, ఫీజు బాకీ రాముదేనని ఎవరూ చెప్పకుండానే మనకు తెలిసిపోయింది. ఐదో వాక్యం దగ్గర మాత్రం చాలామంది ఒక్క క్షణం ఆగుతారు. కాఫీ తెచ్చింది ఎవరు?

విడివిడి వాక్యాలు కలిసి ఒక కథనం ఎలా అవుతాయన్నది భాషాశాస్త్రంలో పెద్ద ప్రశ్నే. ముందు చెప్పిన దాన్ని మళ్ళీ పేరెత్తకుండా పట్టుకునే పద్ధతిని అనాఫొర అంటారు. ఇంగ్లీషులో ఆ పని ఎక్కువగా సర్వనామాలు చేస్తాయి, అందుకే పరిశోధన చాలావరకు వాటి చుట్టూ సాగింది. తెలుగులో సర్వనామం తీసేసినా వాక్యానికి ఏమీ కాదు. ఇంకా చెప్పాలంటే, తీసేస్తేనే చదవడానికి బాగుంటుంది. పై కథలో ప్రతి వాక్యానికీ ఒక "అతను", ఒక "ఆయన" తగిలించి చూడండి, అనువాదం వాసన వేస్తుంది. మరి ఎవరు ఏం చేశారో మనం దేన్ని బట్టి పోలుస్తున్నాం?

మొదటి ఆధారం క్రియ చివర ఉంది. "కోప్పడ్డారు"లో "రు" గౌరవానికి గుర్తు. రామును "వెళ్ళాడు" అన్న రచయిత మరుసటి వాక్యంలోనే అతన్ని "కోప్పడ్డారు" అనడు, కాబట్టి మిగిలింది మాస్టారే. "నిలబడ్డాడు"లోని "డు" మళ్ళీ రాము దగ్గరికి తీసుకొస్తుంది. మనం మర్యాద కోసమే అనుకునే ఈ అక్షరాలు నిజానికి పాత్రల చిరునామాలు కూడా. అందుకే ఒకే మనిషిని ఒక పేరాలో "ఆయన", తర్వాతి పేరాలో "అతను" అని రాస్తే చదివేవాళ్ళు తికమకపడతారు. అక్కడ మర్యాద తగ్గిందని కాదు, ఈ రెండో మనిషి ఎవరా అని.

ఈ ఆధారం అన్నిచోట్లా పనిచెయ్యదు. "రాము ఆవును చూశాడు. బెదిరిపోయాడు" అంటే సందేహం లేదు. "బెదిరిపోయింది" అన్నా సందేహం లేదు. రాము బదులు లక్ష్మిని పెట్టండి: "లక్ష్మి ఆవును చూసింది. బెదిరిపోయింది." ఎవరు? తెలుగు క్రియ ఏకవచనంలో మగవాణ్ణి ఒక పక్కన పెట్టి, ఆడవాళ్ళనూ జంతువులనూ వస్తువులనూ కలిపి ఒకే "ది" ఇస్తుంది. దాంతో ఆడవాళ్ళ గురించి రాసే కథల్లో ఈ చిక్కు ఎక్కువ, రచయిత అక్కడ "ఆమె" అనో పేరో వాడక తప్పదు.

ఇప్పుడు నాలుగో వాక్యం. "ఫీజు ఇంకా కట్టలేదట." ఇక్కడ క్రియ అసలు ఏమీ చెప్పదు. నేను కట్టలేదు, నువ్వు కట్టలేదు, ఆయన కట్టలేదు, వాళ్ళు కట్టలేదు. ఎవరికైనా అదే రూపం. అయినా అది రాము అని మనం తడుముకోకుండా తేల్చేశాం. ఎలాగంటే, మాస్టారు కోప్పడ్డారని చదివినప్పటి నుంచీ "ఎందుకు?" అన్న ప్రశ్న మన మనసులో తెరిచే ఉంది. ఫీజు మాట రాగానే దాన్ని ఆ ప్రశ్నకు జవాబుగా పెట్టి చూశాం. జవాబు కుదరాలంటే కట్టనివాడు రామే కావాలి.

ఆ వాక్యం తీసేసి అదే చోట "జీతం ఇంకా రాలేదట" అని పెట్టండి. రాము కాస్తా మాస్టారు అయిపోయాడు. కోపానికి కారణం కూడా మారిపోయింది, పాపం ఆయన చిరాకులో ఉన్నారు, రాము వేళకాని వేళ వెళ్ళాడు. వ్యాకరణం వైపు నుంచి ఒక్క కొత్త గుర్తూ రాలేదు. ఎవరు అన్నది, ఎందుకు అన్నది రెండూ ఒకేసారి తేలాయి.

వాక్యాల మధ్య ఉండే ఈ "ఎందుకంటే", "దాంతో", "ఆ తర్వాత", "అయినా సరే" లాంటి సంబంధాలనే పొందిక సంబంధాలు అంటారు. అవి మాటగా కనబడాల్సిన పనిలేదు, మన కథలో "కాసేపటికి" తప్ప ఒక్కటీ కనబడదు. ఇంగ్లీషు మీద 1976లో ఎం.ఎ.కె. హాలిడే, రుకయ్య హసన్ రాసిన ప్రసిద్ధ గ్రంథం పైకి కనబడే ముడులను వివరంగా లెక్కకట్టింది: సర్వనామాలు, వదిలేసిన మాటలు, సముచ్చయాలు, తిరిగొచ్చే పదాలు. దాన్ని అల్లిక అందాం. అల్లిక ఉన్నంత మాత్రాన పొందిక వస్తుందా అన్న ప్రశ్నకు మూడేళ్ళ తర్వాత జెర్రీ హాబ్స్ ఒక సరదా ఉదాహరణ ఇచ్చాడు. జాన్ పారిస్ నుంచి ఇస్తాంబుల్‌కి రైల్లో వెళ్ళాడు, అతనికి అక్కడ చుట్టాలున్నారు. ఇది బాగానే ఉంది. రెండో వాక్యం మార్చి, అతనికి పాలకూర ఇష్టం అన్నాడు. ఉన్నది జాన్ ఒక్కడే, "అతను" ఎవరో చిన్నపిల్లలు కూడా చెబుతారు. అయినా మనకు తృప్తి ఉండదు. ఇస్తాంబుల్‌లో పాలకూర అంత బాగుంటుందా అని వెతుక్కుంటాం. ముడి పడింది కానీ సంబంధం దొరకలేదన్నమాట. హాబ్స్ వాదన ఏమిటంటే, మనం సర్వనామాన్ని విడిగా ఛేదించం, సంబంధం కోసం వెతుకుతుంటే అది దారిలో తేలిపోతుంది.

దీన్ని పరీక్షించే పద్ధతి చాలా తేలిక. సగం వాక్యం ఇచ్చి మిగతాది పూర్తి చెయ్యమంటారు. "రవి సురేష్‌ని విసిగించాడు, ఎందుకంటే..." అని ఇస్తే రవి గురించే రాయాలనిపిస్తుంది: ఊరికే ఫోన్లు చేశాడు, అప్పు అడిగాడు. "ఎందుకంటే" తీసేసి "దాంతో" పెట్టండి. ఇప్పుడు కలం సురేష్ వైపు తిరుగుతుంది: లేచి వెళ్ళిపోయాడు, నంబరు బ్లాక్ చేశాడు. క్రియ అదే, మనుషులూ వాళ్ళే. 1974లో గార్వీ, కారమాజా ఇంగ్లీషు క్రియల్లో ఈ మొగ్గును గమనించారు, "విసిగించు" లాంటివి కారణాన్ని కర్త వైపు, "మెచ్చుకొను" లాంటివి కర్మ వైపు తోస్తాయని. సంబంధం మారితే మొగ్గూ మారుతుందని తర్వాతి ప్రయోగాలు చూపించాయి.

తెలుగులో ఇంకో చోట ఇది మరీ స్పష్టంగా కనబడుతుంది. "రాము ఇంటికి వచ్చి తలుపు తీశాడు" అంటే తీసింది రామే. "రాము ఇంటికి వస్తే తలుపు తీశాడు" అంటే తీసింది లోపల ఉన్న ఇంకెవరో. "వచ్చి", "తిని", "చూసి" లాంటి రూపాలు రెండు పనుల్నీ ఒకే మనిషికి కడతాయని బడిలో చెబుతారు. "రాము వచ్చి సీత వెళ్ళింది" అంటే నిజంగానే చెవికి గుచ్చుకుంటుంది. కానీ "వాన కురిసి చెరువు నిండింది" అంటే ఎవరికీ ఇబ్బంది లేదు. "కరెంటు పోయి మోటారు ఆగిపోయింది" కూడా అంతే. రెండు కర్తలున్నా ఇవెందుకు నిలబడ్డాయి? మొదటిది రెండోదానికి కారణం, పైగా రెండింటిలోనూ ఎవరూ కావాలని చేసిందేమీ లేదు. కారణం ఒక్కటే ఉంటే చాలదు. "రాము అరిచి పాప లేచింది" అనం, "రాము అరిస్తే పాప లేచింది" అంటాం. వ్యాకరణం గీసిన గీతను పొందిక సంబంధం కొంతమేర జరపగలదు, పూర్తిగా చెరపలేదు.

సరే, కాఫీ సంగతి. "ది" ఉంది కాబట్టి రాము కాదు, మాస్టారూ కాదు. కథలో ఇంకెవరూ లేరు. అప్పుడు మనం "మాస్టారిల్లు" అన్న మాటను తవ్వుతాం. ఇల్లంటే ఇంట్లో మనుషులుంటారు. భార్యా? ఆయనకు "రు" వాడి ఆవిడకు "ది" వాడరేమో. అయితే కూతురై ఉండాలి. ఇలా చెప్పని దాన్ని ఊహించి వంతెన కట్టుకోవడానికి టైం పడుతుంది, ఆ టైంని కొలిచారు కూడా. 1974లో హావిలాండ్, క్లార్క్ కొందరికి వాక్యాలు జంటలుగా చూపించి, అర్థమవగానే బటన్ నొక్కమన్నారు. కారు డిక్కీలోంచి బీరు తీశాం, బీరు వెచ్చగా ఉంది. ఇది త్వరగా అర్థమైంది. పిక్నిక్ సామాను చూసుకున్నాం, బీరు వెచ్చగా ఉంది. దీనికి సుమారు సెకనులో ఐదో వంతు ఎక్కువ పట్టింది, సామానులో బీరు ఉందని ఊహించుకోవాలి కదా. మొదటి జంటలో "బీరు" అన్న మాట రెండుసార్లు రావడం వల్లే తేలికైందేమోనన్న అనుమానంతో ఇంకో జంట పెట్టారు: ఆండ్రూకి బీరంటే ఇష్టం, బీరు వెచ్చగా ఉంది. మాట తిరిగొచ్చినా మళ్ళీ ఆలస్యమే అయింది. ఇష్టపడే బీరు వేరు, ఎదురుగా సీసాలో ఉన్న బీరు వేరు.

ఊహకు అందనప్పుడు ఏమవుతుందో వార్తల్లో చూడొచ్చు. ఇలాంటి కథనం ఒకటి అనుకోండి: "పోలీసులు దొంగలను వెంబడించారు. కాల్పులు జరిపారు. పొలాల్లోకి పారిపోయారు. ఇద్దరు గాయపడ్డారు." అన్ని క్రియలకూ "రు"యే, ఇక్కడ అది గౌరవం కాదు, బహువచనం. పారిపోయింది దొంగలని లోకజ్ఞానం చెబుతుంది, వెంబడిస్తే పారిపోయేది వాళ్ళే. కాల్పులు పోలీసులవేనని అనుకుంటాం, మొదటి వాక్యం కర్తనే కొనసాగించడం మన అలవాటు. కానీ దొంగల దగ్గరా తుపాకులుంటే? గాయపడిన ఇద్దరి సంగతి ఇంకా కష్టం. కాల్పులు ఎవరివన్న దాన్ని బట్టి గాయాలు ఎవరివో మారతాయి, మూడో వాక్యం మధ్యలో పడి దొంగల్ని ముందుకు తెచ్చింది కాబట్టి వాళ్ళేననిపిస్తుంది కూడా. రాసినాయన మనసులో బొమ్మ స్పష్టంగా ఉంటుంది కాబట్టి తను మళ్ళీ చదువుకున్నా ఆయనకు లోపం కనబడదు. సంఘటన తెలియని ఇంకొకరికి ఇచ్చి, ఒక్కో వాక్యం దగ్గర "ఎవరు?" అని అడిగితేనే బయటపడుతుంది. మూడో వాక్యానికి జవాబు టక్కున వస్తుంది, దాన్ని అలాగే వదిలెయ్యొచ్చు. రెండో వాక్యంలోనూ నాలుగో వాక్యంలోనూ మాత్రం "పోలీసులు" అనో "దొంగలు" అనో రాయాల్సిందే.