తూటా ముందు, చప్పుడు తర్వాత

సైన్యంలో కంపెనీ అంటే మామూలుగా వంద నుంచి రెండొందల మంది. వాళ్ల దగ్గర మెషిన్‌గన్లు ఉంటాయి, వైర్‌లెస్ సెట్లు ఉంటాయి, చాలాసార్లు చిన్న మోర్టార్లు కూడా ఉంటాయి. అయినా ఆరొందల మీటర్ల అవతల దాక్కున్న ఒక్క స్నైపర్ వాళ్లందరినీ గంటల తరబడి తల ఎత్తకుండా చేయగలడు. అదంతా గురి గొప్పతనమే అనుకుంటాం. గురి కావాల్సిందే, కానీ దానికంటే పెద్ద కారణం అవతలి వైపు ఉంది. తూటా ఎటు నుంచి వచ్చిందో ఆ కంపెనీకి తెలియదు. ఎటు తిప్పాలో తెలియనంతసేపూ వంద తుపాకులున్నా లేనట్టే.

ఎందుకు తెలియదో అర్థం కావాలంటే చప్పుడు సంగతి చూడాలి. సాధారణ స్నైపర్ రైఫిల్ నుంచి తూటా సెకనుకు దాదాపు 800 మీటర్ల వేగంతో బయటికొస్తుంది. గాలిని చీల్చుకుంటూ నెమ్మదిస్తుంది. 600 మీటర్లు దాటేసరికి దాని వేగం సుమారు 500 మీటర్లకు తగ్గుతుంది. ధ్వని వేగం సెకనుకు 340 మీటర్లే. అంటే దారి పొడవునా తూటా తన చప్పుడు కంటే ముందే ఉంటుంది. పడవ వేగంగా పోతుంటే వెనకాల నీళ్లలో రెండు వైపులా చీలిన అల ఎలా వస్తుందో, తూటా వెనక గాలిలో గరాటు ఆకారంలో ఒక షాక్‌వేవ్ అలా వస్తుంది. అది చెవికి తగిలినప్పుడు కొరడా ఝళిపించినట్టు ‘ఫట్’ మంటుంది. తుపాకీ పేలిన ‘ధబ్’ అనే శబ్దం ఆ తర్వాత వస్తుంది. 600 మీటర్ల దూరంలో తూటా సెకను కంటే కాస్త తక్కువ సమయంలో వచ్చేస్తే, ఆ శబ్దానికి సెకనూ ముప్పావు పడుతుంది.

ఇక్కడే మోసం జరుగుతుంది. మొదట వినబడే ‘ఫట్’ చాలా గట్టిగా ఉంటుంది. మనిషి చెవి సహజంగా దాని వైపే తిరుగుతుంది. కానీ అది తుపాకీ దగ్గర పుట్టింది కాదు, తూటా వచ్చిన దారిలో ఎక్కడో మధ్యలో పుట్టింది. 500 మీటర్ల వేగంతో పోతున్న తూటా విషయంలో లెక్కేస్తే, ఆ శబ్దం స్నైపర్ ఉన్న దిక్కుకు దాదాపు 47 డిగ్రీలు పక్క నుంచి వచ్చినట్టు తోస్తుంది. తూటా తన ఎడమ పక్కగా పోయిన సైనికుడికి అది ఎడమ ముందు నుంచి వినబడుతుంది, కుడి పక్కగా పోయినవాడికి కుడి ముందు నుంచి. ఇద్దరూ చేతులు చాపి చూపిస్తే ఒకరు చూపిన దిక్కుకూ ఇంకొకరు చూపిన దిక్కుకూ తొంభై డిగ్రీల తేడా ఉంటుంది. స్నైపర్ ఆ రెండు చోట్లా ఉండడు.

రెండో చప్పుడు అబద్ధం చెప్పదు, అది సరిగ్గా తుపాకీ దగ్గర్నుంచే వస్తుంది. కాకపోతే దూరం వల్ల బలహీనపడి ఉంటుంది. లోయల్లో, భవనాల మధ్య ప్రతిధ్వనిలో కలిసిపోతుంది. అప్పటికే సైనికులు నేలమీద పడుతూ అరుస్తుంటారు, ఎవరో ఒకరు గుడ్డిగా కాల్పులు మొదలుపెట్టి ఉంటారు. ఎవరైనా నిబ్బరంగా రెండు చప్పుళ్ల మధ్య ఎడం లెక్కపెట్టినా ఇంకో చిక్కుంది. ఆ ఎడం 0.8 సెకను. దాన్ని 340తో గుణిస్తే 270 మీటర్లు వస్తుంది, నిజమైన దూరంలో సగం కూడా కాదు. ధ్వనితోపాటు తూటా కూడా ప్రయాణానికి సమయం తీసుకుందన్న సంగతి ఆ లెక్కలో లేదు. అందుకే ఈ ఎడాన్ని బట్టి దూరం అంచనా వేయడం సైనికులకు ప్రత్యేకంగా నేర్పుతారు. శిక్షణ లేనివాడు తప్పు దిక్కులో, తప్పు దూరంలో వెతుకుతూనే ఉంటాడు.

వాళ్లు అలా వెతుకుతున్న కాసేపటిని వాడుకోవడంలోనే స్పాటర్, అంటే స్నైపర్ పక్కనే ఉండి చూసి చెప్పే జతగాడి పని కనబడుతుంది. స్నైపర్ స్కోప్‌లోంచి చూస్తే లోకం చిన్న గుండ్రం ముక్కే. పైగా కాల్చగానే తుపాకీ వెనక్కి తన్ని ఆ ముక్క కూడా అదురుతుంది, తూటా ఎక్కడ పడిందో చాలాసార్లు అతనికి కనబడదు. స్పాటర్ అతని భుజానికి కాస్త వెనకగా, తుపాకీ గొట్టం ఉన్న వరుసలోనే కూర్చుని ఇంకా శక్తిమంతమైన టెలిస్కోప్‌లో చూస్తుంటాడు. అక్కణ్నుంచి తూటా గాలిలో వదిలిన జాడ సన్నటి కదలికలా వంపు తిరిగి దిగుతూ కనిపిస్తుంది. తప్పిందా, ఎంత తప్పిందో చెప్పేది అతనే.

కాల్చకముందు కూడా బరువంతా అతని మీదే. సెకనుకు 4 మీటర్ల పక్కగాలి, అంటే చెట్ల చిన్న కొమ్మలు కదిలేంత గాలి, 600 మీటర్లలో తూటాను ముప్పావు మీటరుకు పైగా పక్కకు తోసేస్తుంది. మనిషి ఒళ్లు అంత వెడల్పు ఉండదు. దారి మధ్యలో గాలి ఎంతుందో కొలిచే పరికరం అక్కడ ఉండదు కాబట్టి స్పాటర్ గడ్డి వంపును, దుమ్మును, ఎండలో నేలమీద మరిగే ఎండమావిని చూసి చెబుతాడు. ఎండమావి నిట్టనిలువుగా లేస్తుంటే గాలి లేనట్టు, ఒక పక్కకు వాలితే అటు వీస్తున్నట్టు. చాలా సైన్యాల్లో ఇద్దరిలో అనుభవం ఎక్కువున్నవాణ్ని స్పాటర్‌గా కూర్చోబెట్టేది ఇందుకే. కళ్లు అలసిపోతాయి కాబట్టి ఇద్దరూ మారుతుంటారు. వైర్‌లెస్ మాత్రం సాధారణంగా స్పాటర్ దగ్గరే ఉంటుంది.

ఆ వైర్‌లెస్ ఎంత పెద్ద ఆయుధమో వియత్నాం యుద్ధంలోని ఎలిఫెంట్ వ్యాలీ ఘటన చూపిస్తుంది. అమెరికన్ మెరైన్ స్నైపర్ కార్లోస్ హాత్‌కాక్, ఆయన స్పాటర్ జాన్ బర్క్ ద నాంగ్ ప్రాంతంలోని ఆ లోయలో ఉత్తర వియత్నాం సైన్యానికి చెందిన ఒక కంపెనీని చూశారు. ఎక్కువమంది కొత్తగా చేరిన కుర్రాళ్లు. మొదటి తూటాలు ఆజ్ఞలిచ్చేవాళ్లకు తగిలాయి. మిగతావాళ్లు వరి మడి గట్టు వెనక్కి దూరారు. గట్టు కాపాడింది గానీ అదే వాళ్లను బంధించింది. చెట్ల దాకా పోవాలంటే ఖాళీ పొలం దాటాలి, దాటబోయినవాళ్లు పడిపోతున్నారు. చీకటి పడితే పారిపోవచ్చనుకుంటే, ఇటు నుంచి వైర్‌లెస్‌లో అడిగి ఫిరంగులతో వెలుగు గుండ్లు పేల్పించారు. లోయ రాత్రంతా వెలుగుతూనే ఉంది. ఇలా దాదాపు ఐదు రోజులు సాగిందని చెబుతారు. చివరికి ఆ చోటును ఫిరంగులకు అప్పజెప్పి ఇద్దరూ వెనక్కి తప్పుకున్నారు. ఈ కథలో పేరంతా హాత్‌కాక్‌కు దక్కింది. ఆ రాత్రుళ్లు వెలుగే లేకపోయుంటే రైఫిల్ ఏం చేయగలిగేదో ఆలోచిస్తే, బర్క్‌కు రావాల్సిన పేరు రాలేదనిపిస్తుంది. అతను 1967లో ఖే సాన్ దగ్గర చనిపోయాడు.

ప్రతి కంపెనీ ఇలా చిక్కుకుపోదు. అక్కడ నాయకులు మొదటే పోయారు, నేల బల్లపరుపుగా ఉంది, సైనికులు కొత్తవాళ్లు. అనుభవమున్న కంపెనీ ముందు పొగ గుండ్లు వేసి చూపును కప్పేస్తుంది. కొందరు కాల్పులు జరుపుతుంటే మిగతావాళ్లు పక్క నుంచి చుట్టుకుపోతారు, అనుమానం ఉన్న చోట్లన్నిటి మీదా మోర్టార్లు కురుస్తాయి. అందుకే ఒకే చోటు నుంచి వరసగా కాల్చడం స్నైపర్‌కు ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. ఒక్కో తూటాతో అవతలివాళ్లకు ఒక్కో ఆధారం దొరుకుతుంది. మెరుపో, లేచిన దుమ్మో, ఇంకో దిక్కు నుంచి విన్న ఇంకో ‘ధబ్’ శబ్దమో వాళ్ల అంచనాను కొంచెం కొంచెంగా సరిచేస్తుంది.

చెవులు చేయలేని ఆ లెక్కను ఇప్పుడు యంత్రాలు చేస్తున్నాయి. ఇరాక్ యుద్ధ కాలంలో అమెరికా సైనిక వాహనాలకు బిగించిన ‘బూమరాంగ్’ పరికరంలో ఒక గడ మీద ఏడు మైకులుంటాయి. షాక్‌వేవ్ ఒక్కో మైకుకు ఎంత తేడాతో తగిలిందో కొలిచి, వెనకొచ్చే పేలుడు శబ్దంతో పోల్చి, కాల్పులు ఎటు నుంచి ఎంత దూరం నుంచి వచ్చాయో క్షణాల్లో చెబుతుంది. తుపాకీకి సైలెన్సర్ తగిలిస్తే ఆ రెండో శబ్దం బాగా తగ్గిపోతుంది, దూరం లెక్క కష్టమవుతుంది. మొదటి ‘ఫట్’ను మాత్రం సైలెన్సర్ ఏమీ చేయలేదు. అది తుపాకీలో పుట్టేది కాదు, తూటా ధ్వని కంటే వేగంగా పోతున్నంతసేపూ దాని వెంట వస్తూనే ఉంటుంది.