జనరల్ టికెట్ గడువు: అపోహలు - వాస్తవాలు

అన్‌రిజర్వుడ్ టికెట్ విషయంలో చెకింగ్ దగ్గర జరిగే గొడవల్లో చాలావాటికి మూలం టికెట్ లేకపోవడం కాదు. టికెట్ ఉంటుంది, డబ్బులు కట్టే ఉంటారు. కానీ దాని గడువు ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు అయిపోయింది అన్నది తెలియదు. యాప్‌లో టికెట్ కొనడం తేలికయ్యాక ఈ తికమక ఇంకాస్త పెరిగింది.

అపోహ: జనరల్ టికెట్ కొంటే ఆ రోజంతా ఎప్పుడైనా ఎక్కొచ్చు.

దూరాన్ని బట్టి ఉంటుంది. 2016 మార్చి 1 నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం 199 కిలోమీటర్ల లోపు ప్రయాణమైతే టికెట్ ఇచ్చిన సమయం నుంచి 3 గంటల్లోపు రైలెక్కాలి. లేదా ఆ ఊరికి వెళ్లే మొదటి రైలు బయల్దేరేలోపు ఎక్కాలి. ఈ రెండింటిలో ఏది ఆలస్యమైతే అదే మీ గడువు. చాలామందికి మొదటి సగమే తెలుసు, రెండో సగం తెలియదు.

విజయవాడ నుంచి రాజమండ్రికి దాదాపు 150 కిలోమీటర్లు, అంటే 199 లోపే. ఉదయం 10 గంటలకు కౌంటర్లో టికెట్ తీసుకున్నారనుకుందాం. మధ్యాహ్నం 1 గంట లోపు రాజమండ్రి వెళ్లే ఏ రైలైనా, టికెట్ రకానికి సరిపోయేదైతే, ఎక్కొచ్చు. ఒకవేళ ఆ మధ్యలో రైలే లేదు, మొదటి బండి ఆలస్యమై 1:40కి కదిలింది. అప్పుడు మీ టికెట్ 1:40 వరకు చెల్లుతుంది. 1 గంట దాటిందని మళ్లీ క్యూలో నిలబడి ఇంకో టికెట్ కొనక్కర్లేదు. కానీ 11 గంటలకో రైలు వెళ్లిపోయింది, మీరు బయట భోంచేసి 3 గంటలకు వచ్చి ఇంకో రైలెక్కారంటే ఆ టికెట్ చెల్లదు. టికెట్ లేని ప్రయాణం కిందే లెక్కగడతారు. అలా పట్టుబడితే ఛార్జీతో పాటు అదనపు రుసుము కనీసం 250 రూపాయలు.

దీన్ని రాసిపెట్టుకోనక్కర్లేదు. టికెట్ మీద ఇచ్చిన తేదీ, సమయం, కిలోమీటర్లు ఉంటాయి. కౌంటర్ నుంచి పక్కకు రాకముందే ఆ మూడూ చూసుకోండి, స్టేషన్ పేరుతో సహా.

అపోహ: 3 గంటల్లో ఊరు చేరకపోతే ఫైన్ వేస్తారు.

వేయరు. గడువు ప్రయాణం మొదలుపెట్టడానికే, ముగించడానికి కాదు. మీరు సమయానికి ఎక్కాక రైలు దారిలో గంటలకొద్దీ ఆగినా మీ టికెట్‌కు ఏమీ కాదు.

అపోహ: పండగ రద్దీ కదా, వారం ముందే జనరల్ టికెట్ కొని పెట్టుకుంటే సరి.

ముందుగా కొనే వెసులుబాటు 200 కిలోమీటర్లు, ఆపై దూరాలకే ఉంది. అది కూడా ప్రయాణ తేదీని వదిలేసి 3 రోజుల ముందు వరకే. 15వ తేదీ విజయవాడ నుంచి విశాఖపట్నం (350 కిలోమీటర్లు) వెళ్లాలంటే 12వ తేదీ నుంచి కౌంటర్లో అడగొచ్చు. అడిగేటప్పుడు "15వ తేదీకి" అని గట్టిగా చెప్పండి. చెప్పకపోతే ఆ రోజు తేదీతోనే కొట్టేస్తారు. రాజమండ్రికి మాత్రం ఈ వీలు లేదు, ఏ రోజు టికెట్ ఆ రోజే.

ఇంకో సంగతి, ముందు కొన్నంత మాత్రాన సీటు రాదు. ముందస్తు టికెట్ మిగిల్చేది క్యూలో నిలబడే టైమ్ ఒక్కటే. బోగీలో చోటు ఎప్పటిలాగే ఎవరు ముందు ఎక్కితే వాళ్లదే.

అపోహ: యాప్‌లో అయితే రిజర్వేషన్ లాగే ఎన్ని రోజుల ముందైనా తీసుకోవచ్చు.

ఇన్నాళ్లూ దీనికి యూటీఎస్ యాప్ వాడేవాళ్లం. 2025 జులై 1న రైల్వే రైల్‌వన్ యాప్ తెచ్చింది, అన్‌రిజర్వుడ్ టికెట్ అందులో దొరుకుతుంది. యాప్‌లో తీసుకునే పేపర్‌లెస్ టికెట్‌ను అప్పటికప్పుడు ప్రయాణానికి ఇచ్చేదిగానే చూడండి. ప్రయాణ తేదీ ఎంచుకునే చోటు తెరమీద కనిపించకపోతే అది ఈ రోజు టికెట్టే. రేపటి ప్రయాణానికి ఈ రాత్రే కొనిపెట్టుకుంటే డబ్బులు పోయినట్టే. 3 రోజుల ముందు టికెట్ కావాలంటే కౌంటర్‌కు వెళ్లడమే నిశ్చింత.

ఇక్కడ కొత్తగా వచ్చిన చిక్కొకటుంది. ఇదివరకు స్టేషన్‌కు ఇన్ని కిలోమీటర్ల లోపల ఉంటేనే యాప్ టికెట్ ఇచ్చేది. 2024లో ఆ బయటి హద్దు తీసేశారు. అందుకని ఇంట్లో కూర్చుని బుక్ చేసేస్తున్నారు, బుక్ చేసిన నిమిషం నుంచే గడియారం నడుస్తోందని మర్చిపోతున్నారు. ఇల్లు స్టేషన్‌కు 2 గంటల దూరంలో ఉంటే మీకు మిగిలేది ఒక్క గంట. ఆటో దిగి స్టేషన్ గేటు బయట నిలబడి బుక్ చేసుకోవడమే మంచి పద్ధతి. మరీ భయమైతే దారిలో, చేరడానికి పావుగంట ముందు.

అపోహ: రైలెక్కాక టీటీఈ కనిపిస్తే అప్పుడు ఫోన్లో తీసుకోవచ్చు.

బయటి హద్దు పోయింది గానీ లోపలి హద్దు అలాగే ఉంది. పట్టాలకు, ప్లాట్‌ఫారానికి దగ్గరలో ఉంటే జీపీఎస్ చూసి యాప్ మామూలు పేపర్‌లెస్ బుకింగ్ ఇవ్వదు. లొకేషన్ ఆపేసినా ఇవ్వదు. స్టేషన్‌లోకి వచ్చేశాక గుర్తొస్తే రెండు దారులు: అక్కడ అతికించిన క్యూఆర్ కోడ్‌ను యాప్‌తో స్కాన్ చేయడం, లేదా టికెట్ మెషీన్, కౌంటర్ దగ్గరికి పోవడం. కదిలే రైల్లో ఈ రెండూ ఉండవు.

డబ్బులు కట్ అయ్యాయి, టికెట్ రాలేదు అనే బాధ ఒకటి ఎప్పుడూ వింటుంటాం. బ్యాంకు మెసేజ్ టికెట్ కాదు. ముందు యాప్‌లో బుకింగ్ హిస్టరీ చూడండి. అక్కడ లేకపోతే టికెట్ లేనట్టే, ఇంకోటి కొనుక్కుని ఎక్కండి. ఆగిన డబ్బు మీరు కట్టిన ఖాతాకే తిరిగొస్తుంది.

అపోహ: స్క్రీన్‌షాట్ వాట్సాప్‌లో పంపితే ఇంట్లోవాళ్లు వెళ్లొచ్చు.

పేపర్‌లెస్ టికెట్ బుక్ చేసిన ఫోన్లో, యాప్‌లోనే చూపించాలి. స్క్రీన్‌షాట్ చెల్లదు. నాన్నగారి కోసం కొడుకు హైదరాబాద్‌లో కూర్చుని బుక్ చేస్తే అది నాన్నగారికి పనికిరాదు. వేరేవాళ్ల కోసమైతే ప్రింట్ రకం ఎంచుకుని, బుకింగ్ ఐడీతో మెషీన్‌లోనో కౌంటర్లోనో కాగితం తీయించాలి. ప్రింట్ తీయకుండా ఎక్కితే అదీ చెల్లదు. ఫోన్ ఛార్జింగ్ అయిపోతే "కొన్నాను సార్" అన్న మాట నిలవదు కాబట్టి చిన్న బ్యాటరీ ఉన్నవాళ్లకు కూడా కాగితమే నయం.

అపోహ: వెళ్లకపోతే రద్దు చేసుకోవచ్చు.

పేపర్‌లెస్ టికెట్‌కు రద్దు లేదు. కౌంటర్ టికెట్‌ను ఇచ్చిన 3 గంటల్లోపు, ముందస్తు టికెట్ అయితే ప్రయాణానికి ముందు రోజు రాత్రి 12 లోపు కౌంటర్లో ఇవ్వాలి. మనిషికి 30 రూపాయల క్లర్కేజీ పోతుంది. 40 రూపాయల టికెట్ కోసం మళ్లీ క్యూ కట్టడం దండగ, విశాఖ దాకా నలుగురి టికెట్లయితే కట్టాల్సిందే.

అపోహ: జనరల్ టికెట్ ఉంటే ఏ రైలైనా ఒకటే.

ఆర్డినరీ, మెయిల్ ఎక్స్‌ప్రెస్, సూపర్‌ఫాస్ట్ అని మూడు రకాలు. సెకండ్ క్లాస్‌లో సూపర్‌ఫాస్ట్ సర్‌ఛార్జి 15 రూపాయలే, కానీ అది లేకుండా ఎక్కి పట్టుబడితే 15తో పోదు. యాప్‌లో తొందరలో ఎక్స్‌ప్రెస్ అనే వదిలేసి, వచ్చిన సూపర్‌ఫాస్ట్ ఎక్కేయడం తరచూ జరిగే పొరపాటు. రైలు నంబరు 12, 20, 22తో మొదలైతే సూపర్‌ఫాస్ట్ అని గుర్తు. ఏ బండి దొరుకుతుందో తెలియనప్పుడు సూపర్‌ఫాస్ట్ టికెట్టే తీసుకోండి, దానితో కింది రకాలూ ఎక్కొచ్చు. వందేభారత్, రాజధాని లాంటివాటికి జనరల్ బోగీలే ఉండవు, వాటికి ఏ జనరల్ టికెట్టూ పనికిరాదు.