రోజు సగటు అని రాసే అంకె వెనక కథ

వాతావరణ రికార్డుల్లో 'రోజు సగటు ఉష్ణోగ్రత' అనే గడిలో కనిపించే అంకె చాలాచోట్ల రెండంటే రెండు రీడింగుల నుంచి వస్తుంది. ఆ రోజు గరిష్ఠం, ఆ రోజు కనిష్ఠం, రెండూ కూడి సగం చేస్తే అయిపోయింది. మిగతా సమయమంతా గాలి ఎంత వేడిగా ఉందో ఆ లెక్కకి పట్టదు. 24 మంది పిల్లలున్న క్లాసులో ఫస్ట్ వచ్చినవాడి మార్కులూ లాస్ట్ వచ్చినవాడి మార్కులూ కూడి సగం చేసి, క్లాసు సగటు ఇదేనంటే ఏ మాస్టారూ ఒప్పుకోరు కదా. వాతావరణ శాఖలు మాత్రం తరాల తరబడి ఒప్పుకున్నాయి. ఎందుకంటే దీని వెనక ఒక పరికరం ఉంది, ఒక నిద్ర సమస్య కూడా ఉంది.

నిద్ర సమస్య అంటే ఇదీ. నిజమైన సగటు కావాలంటే కనీసం గంటకోసారి థర్మామీటర్ చూడాలి, అర్ధరాత్రీ తెల్లవారుజామూ కూడా. జీతమిచ్చి మనుషుల్ని షిఫ్టుల్లో పెట్టుకోగల పెద్ద అబ్జర్వేటరీలకి తప్ప అది ఎవరికీ కుదిరే పని కాదు. ఒకసారి చేసి చూపించవచ్చు గానీ, ఏళ్ల తరబడి వందల చోట్ల చేయించలేం.

దీనికి రెండు దారులు దాదాపు ఒకే సమయంలో దొరికాయి. 1780లో జర్మనీలోని మాన్‌హైమ్‌లో ఒక వాతావరణ సంఘం మొదలైంది. అది వేర్వేరు దేశాల్లోని పరిశీలకులకు ఒకే రకం పరికరాలు పంపించి, అందరూ ఒకే వేళల్లో రీడింగ్ తీయాలని పెట్టింది: ఉదయం 7, మధ్యాహ్నం 2, రాత్రి 9. మనిషి మెలకువగా ఉండే వేళలే అవి. తర్వాతి కాలంలో ఈ మూడింటి నుంచి సగటు తీయడానికి ఒక చిట్కా స్థిరపడింది. రాత్రి 9 రీడింగ్‌ని రెండుసార్లు లెక్కపెట్టి, మొత్తాన్ని 4తో భాగించడం. మనం నిద్రపోయే గంటలకి కూడా ప్రతినిధి కావాలి కాబట్టి ఆ 9 గంటల రీడింగ్‌కి రెండు ఓట్లు ఇచ్చారన్నమాట.

అదే రోజుల్లో ఇంగ్లండ్‌లో జేమ్స్ సిక్స్ అనే ఆయన 'U' ఆకారపు గొట్టంతో ఒక థర్మామీటర్ చేశాడు. గొట్టంలో ఆల్కహాల్, పాదరసం ఉంటాయి. ఉష్ణోగ్రత మారినప్పుడు పాదరసం రెండువైపులా చిన్న సూచికల్ని తోసుకుంటూ పోతుంది, అది వెనక్కి తగ్గినా సూచిక మాత్రం తోసిన చోటే నిలిచిపోతుంది. ఒక సూచిక అత్యధికాన్ని గుర్తుపెట్టుకుంటుంది, రెండోది అత్యల్పాన్ని. రోజుకి ఒకేసారి వెళ్లి రెండూ చదివి, అయస్కాంతంతో సూచికల్ని మళ్లీ పాదరసం దగ్గరికి లాగి వచ్చేయొచ్చు. మధ్యలో ఎవరూ మేలుకోనక్కర్లేదు. తర్వాత గరిష్ఠానికీ కనిష్ఠానికీ విడివిడి థర్మామీటర్లు వచ్చాయి గానీ పద్ధతి అదే. జీతం లేని స్వచ్ఛంద పరిశీలకులతో నడిచే నెట్‌వర్కులకి ఇంతకంటే చౌకైన మార్గం ఏముంటుంది? రెండు అంకెలే చేతికొస్తున్నాయి కాబట్టి సగటు కూడా ఆ రెండింటి నుంచే తీశారు. ఎవరో కూర్చుని ఇదే ఉత్తమమైన సూత్రమని తేల్చిన లెక్క కాదిది, పరికరం ఏం గుర్తుపెట్టుకోగలదో దాన్నిబట్టి పుట్టిన లెక్క.

ఇప్పుడు దాంట్లో తేడా ఎక్కడుందో ఒక రోజు తీసుకుని చూద్దాం. ఆకాశం నిర్మలంగా ఉన్న రోజు అనుకోండి. లెక్క కోసం నేను వేసుకున్న అంకెలే గానీ, అలాంటి రోజు ఎలా నడుస్తుందో దాని ప్రకారమే వేశాను. అర్ధరాత్రి 15.5 డిగ్రీలు. అక్కణ్నుంచి నెమ్మదిగా జారుతూ ఉదయం 6కి 13.0, అదే కనిష్ఠం. 7కి 14.2, 9కి 19.6, మధ్యాహ్నం 12కి 26.0, 3 గంటలకి 28.0, అది గరిష్ఠం. సాయంత్రం 5కి 25.6, రాత్రి 7కి 20.8, 9కి 17.9, 11కి 16.1. మధ్య గంటలకి కూడా ఇదే వరసలో అంకెలు వేసి 24 రీడింగులూ కూడితే 471.3 వస్తుంది, 24తో భాగిస్తే 19.6. మరి గరిష్ఠం, కనిష్ఠం కూడి సగం చేస్తే? 28 ప్లస్ 13, అందులో సగం 20.5. అంటే దాదాపు ఒక డిగ్రీ ఎక్కువ.

కారణం రోజు ఆకారంలోనే ఉంది. ఉష్ణోగ్రత గనక ఊయలలాగా ఎంతసేపు పైన ఉంటే అంతసేపు కింద ఉండే రకం అయితే సగం లెక్క సరిగ్గా సరిపోయేది. కానీ ఎండలో వేడెక్కడం వేగంగా జరిగిపోతుంది, శిఖరం కొద్ది గంటలే. సాయంత్రం మొదట గబగబా తగ్గి, ఆ తర్వాత రాత్రంతా నేల తన వేడిని మెల్లమెల్లగా వదులుతుంటే ఉష్ణోగ్రత కనిష్ఠానికి దగ్గర్లోనే పాకుతూ ఉంటుంది. మన రోజులో 20.5కి పైన ఉన్న రీడింగులు 10 మాత్రమే, కింద ఉన్నవి 14. మధ్యబిందువుకి ఈ గంటల లెక్క తెలియదు. మాన్‌హైమ్ పద్ధతిలో అదే రోజుని చూడండి: 14.2, మధ్యాహ్నం 2కి 27.9, రాత్రి 9కి 17.9 రెండుసార్లు. మొత్తం 77.9, నాలుగో వంతు దాదాపు 19.5. నిజమైన సగటుకి బాగా దగ్గర. రెండు ఓట్ల చిట్కా ఊరికే పెట్టింది కాదు.

ప్రతిరోజూ ఇంత తేడా ఉండదు. మబ్బు పట్టి ముసురు కమ్మిన రోజున గరిష్ఠ కనిష్ఠాల మధ్య దూరమే తక్కువ కాబట్టి తప్పు కూడా చిన్నదే. పగలు బాగా పొడుగ్గా ఉండే రుతువుల్లో తేడా తగ్గుతుంది, కొన్నిచోట్ల తిరగబడుతుంది కూడా. చల్లగాలి హఠాత్తుగా వచ్చిపడే రోజున అయితే లెక్క పూర్తిగా గాడి తప్పుతుంది: అర్ధరాత్రి దాటిన అయిదు నిమిషాలకి 18 డిగ్రీలు ఉండి, గంటలో 6కి పడిపోయి రోజంతా అక్కడక్కడే తచ్చాడితే, గరిష్ఠం మాత్రం 18 అనే నమోదవుతుంది. సగటు 12 అంటుంది రికార్డు. ఆ రోజు బయట తిరిగినవాడు నవ్వుతాడు.

అయినా ఇన్నేళ్లు దీన్ని ఉంచడంలో ఒక న్యాయం ఉంది. ఒకే స్టేషన్‌ని ఏళ్ల తరబడి పోల్చాలంటే, తప్పు ప్రతి ఏడాదీ ఒకేలా ఉన్నంతవరకు పెద్ద నష్టం లేదు. ఎప్పుడూ అర డిగ్రీ ఎక్కువ చూపించే లెక్క పెరుగుదలని మాత్రం సరిగ్గానే చూపిస్తుంది. ప్రపంచ వాతావరణ సంస్థ మార్గదర్శకాల ధోరణి కూడా ఇదే: సగం లెక్క అత్యుత్తమం కాదు, కానీ అందరూ ఒకే తీరుగా వాడితే పోలికకి పనికొస్తుంది. నా అభిప్రాయంలో ఇది సబబైన మాటే, కాకపోతే 'ఒకే తీరుగా' అన్న చోటే అసలు గొడవంతా వచ్చింది.

గొడవ అమెరికాలో బాగా కనిపించింది. అక్కడి నెట్‌వర్క్‌లో స్వచ్ఛంద పరిశీలకులు రోజుకోసారి రీడింగ్ తీసి సూచికల్ని రీసెట్ చేసేవారు, మొదట్లో ఎక్కువమంది సాయంత్రం వేళ. ఇందులో ఒక చిక్కుంది. మన నిర్మలమైన రోజునే తీసుకుని, సాయంత్రం 5కి రీసెట్ చేశారనుకోండి. ఆ క్షణాన గాలి ఇంకా 25.6 ఉంది, కాబట్టి సూచిక 25.6 దగ్గరే నిలబడుతుంది. మర్నాడు ముసురు పట్టి పగటి గరిష్ఠం 19 దాటలేదు, కనిష్ఠం 14. మర్నాడు సాయంత్రం 5కి పరిశీలకుడు వెళ్లి చూస్తే గరిష్ఠం ఎంత? 25.6! నిన్నటి వేడి ఇవాళ్టి ఖాతాలో మళ్లీ పడింది. సగటు 16.5 రావాల్సిన చోట 19.8 వస్తుంది. దీనికి విరుగుడుగా ఎదురు తప్పు కూడా జరగదు, ఎందుకంటే చల్లటి రోజు తర్వాత వేడి రోజొస్తే అసలు గరిష్ఠమే సూచికని పైకి తోసేస్తుంది. అందుకే నెల మొత్తం మీద సాయంత్రపు రీడింగులు వేడివైపే మొగ్గుతాయి.

ఉదయం 7కి రీసెట్ చేస్తే ఇదే తలకిందులుగా జరుగుతుంది. చలి ఉదయాన 14.2 దగ్గర సూచిక వదిలేసి వచ్చాక, తర్వాతి రాత్రి మబ్బుపట్టి 17 కంటే దిగకపోయినా రికార్డులో కనిష్ఠం 14.2 అనే ఉంటుంది. ఈసారి చలి రెండుసార్లు లెక్కకొచ్చింది.

20వ శతాబ్దం మధ్య నుంచి అమెరికా పరిశీలకులు ఒక్కొక్కరుగా సాయంత్రం నుంచి ఉదయానికి మారారు. కారణం ఉష్ణోగ్రత కాదు, వాన. వానకొలత పాత్రలో నీరు పగటి ఎండకి ఆవిరైపోకముందే కొలవాలంటే ఉదయమే మేలు. వానకోసం తీసుకున్న ఈ మంచి నిర్ణయం ఉష్ణోగ్రత రికార్డులోకి లేని చల్లదనాన్ని తెచ్చిపెట్టింది, అదీ ఒక్కసారిగా కాకుండా దశాబ్దాలపాటు కొంచెం కొంచెంగా, పట్టుకోవడం కష్టమయ్యేట్టు. 1986లో వాతావరణ శాస్త్రవేత్త థామస్ కార్ల్, ఆయన సహచరులు ఈ వేళ తేడాని అంచనా వేసి సరిదిద్దే పద్ధతి ప్రచురించారు. సరిదిద్దాక వేడెక్కే ధోరణి ముందుకంటే ఎక్కువ కనిపించింది, దాంతో డేటాని తారుమారు చేశారని ఆరోపణలూ మొదలయ్యాయి. ఒకే రోజుని రెండుసార్లు లెక్కపెట్టిన సంగతి తెలియకపోతే ఆ అనుమానం రావడం సహజమే, నాకూ మొదట వచ్చింది.

ఇది పాత పుస్తకంలో ఉందో లేదో పట్టుకోవడం కూడా పెద్ద కష్టం కాదు. చాలామంది పరిశీలకులు గరిష్ఠ కనిష్ఠాలతోపాటు రీడింగ్ తీసే క్షణాన ఉన్న ఉష్ణోగ్రతనీ రాసేవారు. ఇవాళ రాసిన ఆ అంకె, రేపటి గరిష్ఠం గడిలో అచ్చం అలాగే కనిపిస్తే అది రేపటి వేడి కాకపోవచ్చు, ఇవాళ సాయంత్రం వదిలేసిన సూచికే అని అనుమానించాలి. అలాంటి జంటలు నెలలో చాలాసార్లు వస్తే ఆ స్టేషన్ సాయంత్రం రీసెట్ చేస్తోందని పుస్తకం మీద రాసి లేకపోయినా తెలిసిపోతుంది. కనిష్ఠం గడిలో ఇవే జంటలు కనిపిస్తే ఉదయపు రీసెట్.

జర్మనీ జాతీయ వాతావరణ సేవ 2001లో మాన్‌హైమ్ వేళల్ని వదిలేసి 24 గంటల రీడింగుల సగటుకి మారింది. అలా మారినప్పుడల్లా పాత వరసకీ కొత్త వరసకీ మధ్య అతుకు వేయాలి, ఆ అతుకు తప్పితే మళ్లీ ఇదే తలనొప్పి. అందుకే చాలా దేశాలు కదల్లేదు. ఆటోమేటిక్ స్టేషన్‌లో సెన్సర్ నిమిషానికో రీడింగ్ చొప్పున రోజుకి 1,440 అంకెలు ఇస్తుంది. వాటిలో పైదీ కిందదీ రెండే తీసి కూడి, సగం చేసి, రోజు సగటు గడిలో రాస్తున్నారు.