ఐస్ నీరయ్యే ఆ కొద్ది సెకన్లు: పవర్‌పాయింట్ మార్ఫ్‌తో ఒక పాఠం

ఐస్ కరగడాన్ని అణువుల స్థాయిలో చూపించాలంటే సాధారణంగా రెండు బొమ్మలు గీస్తాం. ఒకదానిలో నీటి అణువులు షడ్భుజాలుగా, పద్ధతిగా కూర్చుని ఉంటాయి. రెండోదానిలో అవే అణువులు చెదిరిపోయి ఉంటాయి. ఈ రెండూ రెండు స్లైడ్లలో పెట్టి, మొదటిది తీసి రెండోది చూపిస్తే పిల్లలకు రెండు వేర్వేరు బొమ్మలు కనిపిస్తాయి. ఏ అణువు ఎక్కడికి వెళ్లిందో తెలియదు. అసలు అవే అణువులని కూడా తెలియదు. ఐస్ పోయి దాని చోట నీరనే ఇంకో పదార్థం వచ్చిందని ఎవరైనా అనుకుంటే ఆ తప్పు వాళ్లది కాదు.

దీనికి కారణం మన చూపు పనిచేసే తీరులోనే ఉంది. 1997లో రెన్‌సింక్, ఓరెగన్, క్లార్క్ అనే పరిశోధకులు ఒక ఫోటోను, అందులోనే ఏదో ఒకటి మార్చిన ఇంకో ఫోటోను మార్చి మార్చి చూపించారు. రెండిటి మధ్య సెకనులో పదో వంతు కన్నా తక్కువ సేపు ఖాళీ తెర పెట్టారు. తేడా పెద్దదే అయినా, ఆ ఖాళీ వల్ల చాలామందికి అది చాలాసేపటి వరకు కనబడలేదు. ఖాళీ లేకపోతే మారిన చోట ఒక చిన్న కదలిక కనిపిస్తుంది, కన్ను వెంటనే అటు పోతుంది. స్లైడ్ మొత్తం ఒక్కసారిగా మారినప్పుడు తెరంతా కదిలినట్టే ఉంటుంది కాబట్టి, కన్ను ఎటు పోవాలో తేల్చుకోలేదు.

మార్ఫ్ ట్రాన్సిషన్ ఆ పోయిన కదలికను తిరిగి ఇస్తుంది. మైక్రోసాఫ్ట్ దీన్ని 2015 చివర్లో పవర్‌పాయింట్‌లోకి తెచ్చింది. మొదటి స్లైడ్‌లో ఉన్న ఒక్కో వస్తువుకూ రెండో స్లైడ్‌లో దాని జోడీ ఏదో వెతికి, స్థానం, సైజు, రంగు, తిరిగిన కోణం అన్నిటినీ పాత విలువ నుంచి కొత్త విలువకు నెమ్మదిగా జరుపుతుంది. జోడీ దొరకని వస్తువు మసకబారి మాయమవుతుంది, లేదా మసకగా మొదలై తేలుతుంది. మార్ఫ్ చేసే పనంతా ఈ జోడీలు కుదర్చడం మీదే నిలబడి ఉంది. అది బాగా కుదిరితే ‘ఇదే అది’ అన్న మాట నోటితో చెప్పక్కర్లేదు.

ఐస్ పాఠాన్నే కట్టి చూద్దాం. దీనికి నాలుగు స్లైడ్లు కావాలి: ఐస్, సగం కరిగిన ఐస్, మొత్తం నీరు, చివరగా 20 డిగ్రీలకు వేడెక్కిన నీరు.

మొదటి స్లైడ్‌లో 13 చిన్న వృత్తాలు గీయండి. మూడు షడ్భుజాలు ఒకే మూలను పంచుకునేలా పక్కపక్కన పెడితే సరిగ్గా 13 మూలలు వస్తాయి, ఒక్కో మూల మీద ఒక్కో వృత్తం. వీటి చుట్టూ 10 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న పెట్టె, పక్కన ఒక థర్మామీటర్, కింద ‘ఇచ్చిన వేడి’ అని రాసిన ఒక పట్టీ ఉండాలి. థర్మామీటర్ లోపలి ఎర్ర గీత మామూలు దీర్ఘచతురస్రమే. అది 0 దగ్గర ఆగి ఉంటుంది. వేడి పట్టీ మొదట్లో కనీకనిపించనంత సన్నగా ఉంటుంది.

డూప్లికేట్ చేసే ముందే ఒక పని ఉంది. Alt+F10 నొక్కితే కుడి వైపు Selection Pane తెరుచుకుంటుంది. స్లైడ్ మీదున్న ప్రతి వస్తువూ అక్కడ తన పేరుతో కనిపిస్తుంది. వృత్తాల పేర్లు Oval 4, Oval 5 ఇలా ఉంటాయి. పేరు మీద రెండుసార్లు క్లిక్ చేసి `!!anu1`, `!!anu2` అని వరుసగా మార్చండి. ముందున్న ఆ రెండు ఆశ్చర్యార్థకాలే కీలకం. వాటితో మొదలయ్యే పేరు రెండు స్లైడ్లలోనూ ఒకటే అయితే, పవర్‌పాయింట్ ఇంకేమీ ఆలోచించకుండా ఆ రెండిటినీ జోడీగా తీసుకుంటుంది. చతురస్రాన్ని వృత్తంగా మార్చాలన్నా దారి ఇదే. ఒకే స్లైడ్‌లో ఆ పేరు రెండు వస్తువులకు ఉండకూడదు.

స్లైడ్‌ను డూప్లికేట్ చేస్తే చాలుగా, మళ్లీ పేర్లెందుకని అడగొచ్చు. నిజమే, డూప్లికేట్ చేసి జరిపితే చాలాసార్లు జోడీలు వాటంతటవే కుదురుతాయి. కానీ ఇక్కడ 13 వృత్తాలూ ఒకే రంగు, ఒకే సైజు. రెండో స్లైడ్‌లో పొరపాటున ఒకటి చెరిపేసి పక్కదాన్ని కాపీ చేసి పెట్టినా, ఇంకో ఫైల్ నుంచి బొమ్మ తెచ్చి అతికించినా, దేనికి ఏది జోడీ అన్నది ఊహ మీద ఆధారపడుతుంది. అప్పుడు ఎడమ మూల అణువు కుడి మూలకు దూసుకుపోవచ్చు. పేర్లు ముందే పెడితే డూప్లికేట్ చేసినప్పుడు అవే పేర్లు వెంట వస్తాయి కాబట్టి, ఆ శ్రమ ఒక్కసారే.

ఇప్పుడు స్లైడ్‌ను Ctrl+D తో డూప్లికేట్ చేసి, రెండో స్లైడ్‌లో సగం అణువులను మాత్రమే చెదరగొట్టండి. అవి అంచున ఉన్నవే కావాలి, ఎందుకంటే ఐస్ పైపొర నుంచే కరగడం మొదలవుతుంది. మూడో స్లైడ్‌లో మిగిలినవి కూడా విడిపోతాయి. పెట్టె వెడల్పు రెండో స్లైడ్‌లో 9.6, మూడోదానిలో 9.2 సెంటీమీటర్లు. నీరు గడ్డకట్టినప్పుడు ప్రతి అణువూ చుట్టూ ఉన్న నలుగురితో హైడ్రోజన్ బంధాలు కట్టి, మధ్యలో ఖాళీలు వదులుతుంది. కరిగితే ఆ నిర్మాణం కూలి అణువులు దగ్గరవుతాయి, పరిమాణం దాదాపు 8 శాతం తగ్గుతుంది. ఐస్ నీటి మీద తేలేది అందుకే. ఈ తేడాను విడి బొమ్మల్లో ఎవరూ గమనించరు. మార్ఫ్‌లో పెట్టె గోడ లోపలికి జరగడం కంటపడుతుంది.

ఈ పాఠంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది థర్మామీటర్. ఒక గ్రాము ఐస్ పూర్తిగా కరగడానికి దాదాపు 334 జూళ్ల వేడి కావాలి. అంత వేడి ఇస్తున్నా, ఐస్ మొత్తం కరిగేదాకా ఉష్ణోగ్రత 0 డిగ్రీలు దాటదు. దీన్నే గుప్తోష్ణం అంటాం. వేడి పట్టీకి 20 జూళ్లకు ఒక సెంటీమీటర్ లెక్కన కొలత పెట్టుకుంటే, రెండో స్లైడ్‌లో అది 8.35, మూడోదానిలో 16.7 సెంటీమీటర్లు అవుతుంది. థర్మామీటర్ గీతను మాత్రం ముట్టుకోకూడదు. మార్ఫ్ నడుస్తుంటే అణువులు చెదురుతాయి, పట్టీ పెరుగుతుంది, ఎర్ర గీత కదలదు. చుట్టూ అన్నీ మారుతున్నప్పుడు ఒకటి కదలకుండా ఉంటే, అదే ప్రశ్నగా నిలబడుతుంది: ఇంత వేడీ ఎక్కడికి పోయింది? నాలుగో స్లైడ్‌లో అణువులు కొంచెం జరిగితే చాలు, ఎర్ర గీత 20 డిగ్రీలకు ఎక్కుతుంది, పట్టీ 16.7 నుంచి 20.9 సెంటీమీటర్లకు మాత్రమే పెరుగుతుంది. కరగడానికి పట్టిన వేడి పక్కన 20 డిగ్రీలు వేడెక్కడానికి పట్టిన 84 జూళ్లు ఎంత తక్కువో కొలత చెప్పేస్తుంది.

ఎర్ర గీత ఎత్తు పెంచేటప్పుడు ఒక చిక్కు వస్తుంది. సైజు పెట్టెలో అంకె మారిస్తే పై అంచు అక్కడే ఉండి, గీత కిందికి సాగుతుంది. మార్ఫ్‌లో అది థర్మామీటర్ అడుగు నుంచి బయటికి కారినట్టు కనిపిస్తుంది. పై చుక్కను పట్టుకుని మౌస్‌తో పైకి లాగితే అడుగు కదలదు. వేడి పట్టీ అడ్డంగా ఉంటుంది కాబట్టి దానికి ఈ ఇబ్బంది లేదు, వెడల్పు అంకె మార్చినా ఎడమ అంచు నిలిచే ఉంటుంది.

ఇక Transitions ట్యాబ్‌లో Morph ఎంచుకోవాలి. ఏ స్లైడ్‌లోకి అడుగుపెడుతున్నామో దానికి పెట్టాలి కాబట్టి మన పాఠంలో రెండు, మూడు, నాలుగు స్లైడ్లకు. మొదటిదానికి మాత్రమే పెట్టి ఏమీ జరగడం లేదని కంగారుపడేవాళ్లు చాలామంది. Duration మామూలుగా 2 సెకన్లు ఉంటుంది, దీనికి 4 దాకా పెంచితే మంచిది. మనిషి చూపు ఒకేసారి దాదాపు నాలుగు కదిలే వస్తువుల వెంటే వెళ్లగలదని 1988లో పిలిషిన్, స్టార్మ్ మొదలుపెట్టిన ప్రయోగాల వరుస చూపించింది. 13 కదులుతుంటే ఎవరూ అన్నిటినీ వెంబడించలేరు. అందుకే ఒక అణువుకు ఎరుపు, ఇంకోదానికి పసుపు రంగు వేసి, అవే రంగులు అన్ని స్లైడ్లలోనూ ఉంచండి. పిల్లలు ఆ రెండిటినీ పట్టుకుంటే చాలు.

ఆ రంగు అణువులు మనకూ పనికొస్తాయి. జోడీలు సరిగ్గా కుదిరాయో లేదో తేల్చుకోవాలంటే Duration ను 10 సెకన్లకు పెంచి చూడండి. ఏదైనా జరగకుండా మసకబారుతుంటే దానికి జోడీ దొరకలేదని అర్థం. ఎరుపు అణువు దారిలో రంగు మారుతుంటే అది వేరేదానితో జతకట్టింది. రెండు సందర్భాల్లోనూ Selection Pane లో పేర్లు పక్కపక్కన పెట్టి సరిచూస్తే తప్పు దొరుకుతుంది.

మార్ఫ్ గురించి పిల్లలకు తప్పకుండా చెప్పాల్సిన మాట ఒకటుంది. స్లైడ్లలో మనం పెట్టిన స్థితులే మనం చెప్పినవి. వాటి మధ్య కదలిక పవర్‌పాయింట్ కల్పించినది. ప్రతి వస్తువునూ అది పాత చోటు నుంచి కొత్త చోటుకు సూటిగా జరుపుతుంది. నిజమైన అణువు ఐస్‌లోనే నిరంతరం కంపిస్తుంది, నీటిలో క్షణక్షణం ఢీకొంటూ దారి మార్చుకుంటుంది, బంధాలు తెగుతూ మళ్లీ కడుతూ ఉంటాయి. తెర మీద కనిపించే సాఫీ ప్రయాణం ఏ అణువూ చేయదు. చంద్రుణ్ణి భూమికి ఒక పక్క నుంచి ఎదుటి పక్కకు ఇలాగే జరిపితే అది భూమి మధ్య నుంచి దూసుకుపోతుంది. మధ్యలో జరిగేది ముఖ్యమైన చోట దాన్ని కూడా ఒక స్థితిగా గీసి పెట్టాలి. సగం కరిగిన ఐస్ స్లైడ్ పెట్టింది అందుకే. అది లేకపోతే లోపలి అణువులూ అంచు అణువులూ ఒకేసారి విడిపోతాయి, ఐస్ అలా కరగదు.

పవర్‌పాయింట్ గ్రాఫ్‌లను నమ్ముకుని ఈ పద్ధతి వాడాలంటే మాత్రం నిరాశే. చార్ట్‌లో కడ్డీలు పెరగవు, పాత చార్ట్ మసకబారి కొత్తది తేలుతుంది. కడ్డీలు కదలాలంటే మన వేడి పట్టీలాగే దీర్ఘచతురస్రాలతో చేత్తో గీసుకోవాలి.

స్కూల్ కంప్యూటర్‌లో పాత వెర్షన్ ఉంటే ఏమవుతుందో ఫైల్ లోపలే రాసి ఉంటుంది. స్లైడ్ సమాచారంలో మార్ఫ్ ఇలా నమోదవుతుంది:

```
<p159:morph option="byObject"/>
```

దాని పక్కనే, ఈ మాట అర్థం కాని వెర్షన్ కోసం ఇంకో ఆదేశం ఉంటుంది:

```
<p:fade/>
```

అందుకే అక్కడ ఎర్రర్ రాదు, స్లైడ్లు మామూలుగా మసకబారి మారిపోతాయంతే. అణువులు కదలకపోవడం చూసి ఫైల్ పాడైందని టెన్షన్ పడనక్కర్లేదు. అలాంటి చోటికి వెళ్తున్నామని ముందే తెలిస్తే, File మెనూలోని Export నుంచి వీడియోగా తీసి తీసుకెళ్లవచ్చు, కదలిక అందులో ఉంటుంది. పీడీఎఫ్‌లో ఉండదు. పిల్లలకు కాగితం ఇవ్వాలంటే నాలుగు స్లైడ్లనూ ఒకే పేజీ మీద ప్రింట్ తీసి, ఎరుపు, పసుపు అణువులు మొదటి బొమ్మ నుంచి నాలుగోదాకా ఎటెటు వెళ్లాయో పెన్సిల్‌తో గీతలు కలపమనండి.