ఐరన్ మాత్రలు మింగిన పసిబిడ్డ: అపోహలు - వాస్తవాలు

అపోహ: అవి రక్తం పట్టడానికి ఇచ్చే మాత్రలే కాబట్టి బిడ్డకు ఏమీ కాదు.

వాస్తవం: గర్భిణులకు ఇచ్చే ఎర్రటి ఐరన్, ఫోలిక్ ఆమ్లం మాత్రలు తిరుపతి, చంద్రగిరి పరిసరాల్లో చాలా ఇళ్లలో బిడ్డ చేతికి అందే చోటే ఉంటాయి, ఏడాదిన్నర వయసు కంటికి అవి మిఠాయిలాగే కనిపిస్తాయి. మోతాదు మించిన ఇనుము ముందు కడుపు, పేగుల లోపలి పొరను పుండు చేసి, ఆపై రక్తంలో చేరి కాలేయాన్ని, గుండెను దెబ్బతీస్తుంది.

అపోహ: స్ట్రిప్ మీద కనిపించే పెద్ద అంకెను మాత్రల సంఖ్యతో గుణిస్తే విషపు మోతాదు తెలుస్తుంది.

వాస్తవం: లెక్కించవలసింది మాత్రలో ఇనుము కలిసి ఉండే లవణం మొత్తం బరువు కాదు, అందులోని అసలు ఇనుము, అంటే ఎలిమెంటల్ ఐరన్ బరువు. 200 మిల్లీగ్రాముల ఎండబెట్టిన ఫెర్రస్ సల్ఫేట్‌లో అసలు ఇనుము దాదాపు 60 మిల్లీగ్రాములే ఉంటుంది, కానీ ప్రైవేటు షాపుల్లో దొరికే కొన్ని మాత్రల్లో అది 100 దాకా ఉంటుంది కనుక లేబులు చదవక తప్పదు.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక్కొక్క దానిలో 60 మిల్లీగ్రాముల అసలు ఇనుముండే పది మాత్రల స్ట్రిప్‌లో తల్లి మూడు వేసుకుంది, రెండు మంచం కింద దొరికాయి, మిగిలిన ఐదింటి జాడ లేదు. బిడ్డ బరువు 10 కిలోలు. జాడ లేనివన్నీ మింగినట్టే లెక్కగట్టాలి, కక్కినదాన్ని తీసివేయకూడదు, అక్కడ ఇద్దరు పిల్లలుంటే ప్రతి ఒక్కరూ మొత్తం మింగారనే అనుకోవాలి. ఐదు అరవైలు 300, దాన్ని పదితో భాగిస్తే కిలోకు 30 మిల్లీగ్రాములు. కిలోకు 20 లోపైతే సాధారణంగా తీవ్ర హాని ఉండదు, 20 నుంచి 60 వరకు విషలక్షణాలు రావచ్చు, 60 దాటితే ప్రాణాపాయం. కాబట్టి ఈ బిడ్డను ఆసుపత్రికి తీసుకెళ్లాలి. బరువు తెలియకపోతే అంగన్‌వాడీలో తూచిన చివరి అంకెను వాడండి, సందేహముంటే తక్కువ బరువునే తీసుకోండి. వాంతులు, రక్తవిరేచనం, మగత కనిపిస్తే మాత్రం లెక్క ఎంత వచ్చినా వెంటనే బయలుదేరాలి.

అపోహ: ఉప్పునీళ్లు తాగించి కక్కిస్తే సరిపోతుంది.

వాస్తవం: కక్కించబోతే అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, ఉప్పు స్వయంగా విషమవుతుంది. నోట్లో మిగిలినవి వేలితో తీసి, మగతగా ఉంటే ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి, 108కి ఫోన్ చేసి, స్ట్రిప్‌ను వెంట తీసుకెళ్లండి. ఢిల్లీ ఎయిమ్స్ విష సమాచార కేంద్రం 1800 116 117లో సలహా ఇస్తుంది, కానీ లక్షణాలున్నప్పుడు ఆ ఫోన్ కోసం ప్రయాణం ఆపవద్దు.

అపోహ: వాంతులు ఆగి బిడ్డ ఆడుకుంటుంటే గండం గడిచినట్టే.

వాస్తవం: నాకు అన్నిటికంటే భయం కలిగించేది ఇదే. మొదటి ఆరు గంటల్లో వాంతులై, తరువాత ఒక రోజు వరకు బిడ్డ తేరుకున్నట్టు కనిపించి, ఆపై రక్తపోటు పడిపోయే షాక్‌లోకి, కాలేయ వైఫల్యంలోకి జారవచ్చు. ఆరు గంటలపాటు అసలు ఏ లక్షణమూ రాకపోతేనే మాకు ధైర్యం. విషాన్ని పీల్చుకోవడానికి ఆసుపత్రిలో ఇచ్చే బొగ్గుపొడి ఇనుమును పట్టుకోదు, ఎక్స్‌రేలో మాత్రలు కనిపించనంత మాత్రాన మింగలేదని అనలేము, అందుకే నాలుగు నుంచి ఆరు గంటల మధ్య రక్తంలో ఇనుము పరీక్షిస్తాం, అవసరమైతే ఇనుమును పట్టి బయటకు పంపే డెస్‌ఫెరాక్సమిన్ మందు ఎక్కిస్తాం.

తాతయ్య షుగరు మాత్రలకూ, బీపీ మాత్రలకూ ఈ కిలో లెక్క వర్తించదు. వాటిలో కొన్ని ఒక్కటి మింగినా ప్రమాదమే కనుక లెక్క వేస్తూ కూర్చోకుండా ఆసుపత్రికి వెళ్లాలి.