చీర్స్ అంటే గ్లాసు ఎత్తడమేనా?

చిరంజీవులైన మనవలకు అమ్మమ్మ ఆశీస్సులు.

సెప్టెంబరులో మీరు ఇంగ్లండులోని లీడ్స్‌కు చదువుకు వెళ్తున్నారు. ఒకప్పుడు నేను అక్కడ చదువుకున్న రోజుల్లో నన్ను తికమకపెట్టిన మూడు మాటల గురించి రాస్తున్నాను.

మొదటిది ‘న్యాకర్డ్’. రాతలో మొదట ‘కె’ అక్షరం కనబడినా దాన్ని పలకరు. పనికిరాకుండా పోయిన ముసలి గుర్రాలను కొని, వధించి, తోలూ ఎముకలూ అమ్ముకునేవాణ్ణి ఆ దేశంలో న్యాకర్ అనేవారు. ఈ మాటకు దానితో చుట్టరికం ఉంది. రాత్రి హోటల్లో పనిచేసి వచ్చిన స్నేహితుడు ‘న్యాకర్డ్’ అంటే, ఒళ్ళు హూనమైందని మనం చెప్పుకున్నట్టే. బాయిలర్ న్యాకర్డ్ అని ఎవరైనా చెబితే, అది చెడిపోయిందని గ్రహించండి. మాటలో కాస్త మోటుతనం ఉంది కనుక, ప్రొఫెసరుతో మాట్లాడేటప్పుడు ‘టయర్డ్’ అనడమే మేలు.

‘గటెడ్’ అన్నప్పుడు అసలు అర్థం చేప కడుపు చీల్చి పేగులు తీసేయడం. నా పక్కగదిలోని అమ్మాయి డ్రైవింగ్ పరీక్ష తప్పి వచ్చి ఆ మాట అంటే, కడుపునొప్పేమో అనుకుని జీలకర్ర నీళ్ళు కాచి ఇచ్చాను. ఆమె చెప్పింది ప్రాణం ఉసూరుమందని. ఎంతో ఆశపడినది చేజారినప్పుడు కలిగే నిరాశకే ఈ మాట సరిపోతుంది. ఇష్టమైన జట్టు ఆఖరి నిమిషంలో ఓడిపోయినా ఇదే అంటారు. అయితే ఎవరింట్లోనైనా మరణం సంభవించినప్పుడు దీన్ని వాడకండి, ఆ దుఃఖానికి ఇది మరీ తేలిక మాట. అక్కడ ‘ఐ యామ్ సో సారీ’ అనండి.

ఇక ‘చీర్స్’. సినిమాల వల్ల మనకు ఇది గ్లాసులు తాకించేటప్పటి మాటగానే తెలుసు, అక్కడ ఆ వాడుకా ఉంది. కానీ మీరు దాన్ని ఎక్కువగా వినేది బస్సులో. దిగేవాళ్ళు డ్రైవరు వైపు చూసి ‘చీర్స్’ అని దిగుతారు, అంటే కృతజ్ఞతలు. మీ కోసం తలుపు పట్టుకున్నవారికీ, కింద పడ్డ పెన్ను అందించినవారికీ అదే మాట చాలు. మీతో ఎవరైనా అలా అన్నప్పుడు ‘నో వర్రీస్’ అనవచ్చు, చిరునవ్వు నవ్వి ఊరుకున్నా మర్యాదే. కొందరు ఫోను పెట్టేసేటప్పుడు వీడ్కోలుగా కూడా అంటారు. ట్యూటరు ఈమెయిల్ చివర, తన పేరుకు పైన ‘చీర్స్’ అని ఉంటే, అది స్నేహంగా ముగించే పద్ధతే తప్ప పార్టీకి పిలుపు కాదు. ఇది చిన్న ఉపకారాలకు తగిన మాట. మీ కోసం సిఫారసు లేఖ రాసిపెట్టిన అధ్యాపకురాలికి మాత్రం ఏ విషయానికి కృతజ్ఞులో పేర్కొంటూ, పూర్తి వాక్యంలో ధన్యవాదాలు రాయండి.

మీ అమ్మమ్మ